ఎంత ఆదా చేశారు, ఎలా తేల్చారు: సప్లై చైన్, ఆపరేషన్స్ ప్రొఫైల్ రాసుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

రవాణా, గోదాములు, కొనుగోళ్లు, ఉత్పత్తి ప్రణాళిక చూసేవారు లింక్డ్‌ఇన్ వంటి చోట తమ ఉద్యోగ ప్రొఫైల్ రాసుకునేటప్పుడు ఎక్కువగా తడబడేది ఆదా చేసిన మొత్తం దగ్గరే. పని బాగా చేసినవారు కూడా దాన్ని తప్పుగా లెక్కగట్టి, ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే సమాధానం చెప్పలేకపోవడం నేను చాలాసార్లు చూశాను. అందుకే ఈ పేజీలో చాలావరకు ఒకే ఉదాహరణను పట్టుకుని వెళ్తున్నాను. హైదరాబాద్ శివార్లలోని ఒక పీవీసీ పైపుల ఫ్యాక్టరీలో డిస్పాచ్ చూసే ఉద్యోగి, లారీలో పైపులు పేర్చే పద్ధతిని మార్చి కిరాయి ఖర్చు తగ్గించాడనుకుందాం. అంకెలు లెక్క తేలికగా సాగడానికి నేను ఎంచుకున్నవి. పద్ధతి మాత్రం పైపుల ఫ్యాక్టరీల్లో నిజంగా ఉన్నదే.

"రవాణా ఖర్చు 15 శాతం తగ్గించాను" అని రాస్తే సరిపోదా?

సరిపోదు. ఆ వాక్యం చదివినవారికి 15 శాతం దేనిలో తగ్గిందో తెలియదు. ఏడాది మొత్తం కిరాయి బిల్లులోనా, టన్నుకు పడే కిరాయిలోనా, టన్నుకు అవసరమయ్యే ట్రిప్పుల్లోనా? ఈ మూడూ ఒకే పనికి మూడు వేర్వేరు శాతాలను ఇస్తాయి. మన పైపుల ఉదాహరణలోనే చూడండి: ఒకే మార్పు వల్ల మొత్తం బిల్లు 5.5 శాతం, టన్నుకు పడే కిరాయి 11 శాతం, టన్నుకు అవసరమయ్యే ట్రిప్పులు 15 శాతం తగ్గాయి. వీటిలో ఏదీ అబద్ధం కాదు, కానీ దేని శాతమో చెప్పకుండా పెద్ద అంకెను ఎంచుకుని రాస్తే, అనుభవమున్న మేనేజర్ వెంటనే పసిగడతారు. ఆ తర్వాత మిగతా ప్రొఫైల్‌ను కూడా అనుమానంతోనే చదువుతారు.

అందువల్ల ప్రతి ఆదా వాక్యంలో మొదట ఎంత ఉండేది, తర్వాత ఎంత అయింది, ఆ రెంటినీ ఏ కొలతలో చూశారు, ఏ కాలానికి చూశారు అన్నవి కనిపించాలి. ఏం చేయడం వల్ల ఆ మార్పు వచ్చిందన్నది కూడా అదే వాక్యంలో ఉండాలి. లేకపోతే అంకె మీ పనికి ఫలితంగా కాక, మీరు అక్కడ ఉన్నప్పుడు జరిగిన విషయంగా మిగిలిపోతుంది.

నిరుటి ఖర్చులోంచి ఈ ఏటి ఖర్చు తీసేస్తే ఆదా వస్తుంది కదా, అందులో చిక్కేముంది?

చిక్కంతా అక్కడే ఉంది. ఈ ప్రశ్నకు కాస్త ఓపిగ్గా లెక్క వేయాలి.

పైపులు బరువు తక్కువ, చోటు ఎక్కువ తీసుకునే సరుకు. లారీ మోయగలిగే బరువు రాకముందే లారీ నిండిపోతుంది. పెద్ద గొట్టాల లోపల ఉండేదంతా ఖాళీయే కాబట్టి, లారీ నిండా వెళ్తున్నది చాలావరకు గాలి అని చెప్పవచ్చు. మన ఉద్యోగి చేసింది ఏమిటంటే, ఆర్డర్లు అనుమతించినచోట 160 మిల్లీమీటర్ల పైపులో 110ది, 110 పైపులో 63ది దూర్చి పేర్పించాడు. పైపుకు ఒక చివర సాకెట్ ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి లోపలి పైపు సాకెట్ బయటి పైపులో పట్టే సైజులనే జత కలపాలి. ఏ సైజులో ఏ సైజు పడుతుందో ఒక పట్టిక తయారుచేసి, లోడింగ్ చేసే హమాలీలకు ఇచ్చాడు.

మొదటి ఏడాది 14,400 టన్నులు పంపారు. లారీకి సగటున 7.2 టన్నులు పట్టింది కనుక 2,000 ట్రిప్పులు పడ్డాయి. ట్రిప్పుకు సగటు కిరాయి 18,000 రూపాయలు, మొత్తం 3.60 కోట్లు. రెండో ఏడాది అమ్మకాలు పెరిగి 15,300 టన్నులు పంపారు. కొత్త పేర్పుతో లారీకి సగటున 8.5 టన్నులు పట్టింది కనుక 1,800 ట్రిప్పులు చాలాయి. కానీ డీజిల్ ధర కారణంగా ట్రాన్స్‌పోర్టర్లు రేట్లు పెంచడంతో ట్రిప్పుకు 18,900 రూపాయలు పడింది. మొత్తం 3,40,20,000 రూపాయలు.

ఒక ఏడాది బిల్లులోంచి మరో ఏడాది బిల్లు తీసేస్తే 19.8 లక్షలే కనిపిస్తుంది. అది అతని పనిని తక్కువ చేసి చూపే అంకె, ఎందుకంటే రెండో ఏడాది ఎక్కువ సరుకు వెళ్లింది, ఎక్కువ రేటు చెల్లించారు. సరైన ప్రశ్న ఇది: ఇదే 15,300 టన్నులను ఇదే రేటుకు పాత పద్ధతిలో పంపి ఉంటే ఎంత అయ్యేది? లారీకి 7.2 టన్నుల చొప్పున 2,125 ట్రిప్పులు, ట్రిప్పుకు 18,900 చొప్పున 4,01,62,500 రూపాయలు అయ్యేది. అసలు ఖర్చును అందులోంచి తీసేస్తే 61,42,500 వస్తుంది. అంటే 325 ట్రిప్పులు తప్పాయి.

ఇది ఇంకా ప్రొఫైల్‌లో రాయదగిన అంకె కాదు. పైపులో పైపు దూర్చడానికి సమయం ఎక్కువ పడుతుంది కాబట్టి హమాలీలు టన్నుకు 40 రూపాయలు ఎక్కువ అడిగారు. 15,300 టన్నులకు అది 6,12,000. లోపలి పైపులు ఒరుసుకుని గీతలు పడటం వల్ల తిరిగి వచ్చిన సరుకు నష్టం 2,30,500 రూపాయలు పెరిగింది. ఈ రెండూ తీసేస్తే నికరంగా మిగిలేది 53 లక్షలు. పాత పద్ధతిలో అయ్యే ఖర్చుతో పోలిస్తే అది దాదాపు 13 శాతం. ప్రొఫైల్‌లో రాయవలసింది ఈ 53 లక్షలనే. కొత్త ఖర్చులను తీసివేసి రాసిన అంకె చిన్నదైనా, దాన్ని ఎవరూ కదిలించలేరు.

పెరిగిన కిరాయి రేటుతో లెక్కగట్టడం న్యాయమేనా?

ఫైనాన్స్ విభాగాల్లో రెండు అలవాట్లూ ఉన్నాయి. పాత రేటు 18,000తో లెక్కగడితే 325 ట్రిప్పులకు 58.5 లక్షలు వస్తుంది, కొత్త రేటుతో 61.4 లక్షలు. మీ కంపెనీ ఏది పాటిస్తే అదే వాడండి, ఏది వాడారో గుర్తుంచుకోండి. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే వెంటనే చెప్పగలగాలి.

ఇక్కడ రేటు కంటే ముందు చూసుకోవలసింది గమ్యస్థానాల కలయిక. రెండో ఏడాది విశాఖపట్నం ఆర్డర్లు తగ్గి, వరంగల్, నల్గొండ ఆర్డర్లు పెరిగాయనుకుందాం. పేర్పు మారకపోయినా సగటు కిరాయి దానంతట అదే తగ్గుతుంది. అందుకే మొత్తం సగటు మీద కాకుండా, గమ్యం వారీగా ట్రిప్పులు, కిరాయి తీసి, ఒక్కో దారికి విడిగా లెక్క వేసి కూడాలి. సరుకు ఎక్కించుకున్నట్టు ట్రాన్స్‌పోర్టర్ ఇచ్చే ఎల్‌ఆర్ రసీదుల కాపీలు, ట్రాన్స్‌పోర్టర్ బిల్లులు, కంపెనీ లెక్కలు నడిచే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్‌లోని డిస్పాచ్ రిపోర్టు ఉంటే ఈ పని ఒక పూటలో అయిపోతుంది. సగటు మీద వేసిన లెక్క, దారుల వారీ లెక్క దగ్గరగా ఉంటే మీ అంకె గట్టిదే. చాలా తేడా ఉంటే దారుల వారీ లెక్కనే నమ్మండి.

ప్రభుత్వ నిబంధన మారడం వల్ల ఖర్చు తగ్గితే దాన్ని రాసుకోవచ్చా?

ఆ తగ్గుదల మీది కాదు. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం సరుకు వాహనాల ఇరుసులపై అనుమతించే బరువును పెంచింది. సిమెంటు, ఇనుము వంటి బరువైన సరుకు పంపేవారికి ఆ తర్వాత అదే లారీలో ఎక్కువ టన్నులు చట్టబద్ధంగా పట్టాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక రాష్ట్ర సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టులు తీసేయడంతో లారీలు ఆగే సమయం కూడా తగ్గింది. ఆ రోజుల నాటి అనుభవాన్ని రాసేవారు ఆ తగ్గుదలను తమ ఖాతాలో వేసుకోకూడదు.

అయితే నిబంధన మారిన తర్వాత మీరు తీసుకున్న నిర్ణయం మీదే అవుతుంది. జీఎస్టీకి ముందు పన్ను కారణాల వల్ల రాష్ట్రానికొక డిపో పెట్టుకున్న కంపెనీలు తర్వాత వాటిని కలిపేయగలిగాయి. ఏ డిపో మూయాలో, ఏ డీలర్లకు ఎక్కడి నుంచి పంపాలో మీరు లెక్కతేల్చి ఉంటే, మూసిన డిపోల అద్దె, సిబ్బంది ఖర్చు తగ్గుదలలోంచి పెరిగిన దూరపు కిరాయిని తీసేసి, మిగిలినదాన్ని నిస్సంకోచంగా రాసుకోండి. నిబంధన అవకాశం ఇచ్చిందని ఒక ముక్క చేర్చితే మీ మాటకు బలం పెరుగుతుందే తప్ప తగ్గదు.

మార్పు ఏడాది మధ్యలో మొదలైంది. ఏడాదికి ఎంతని రాయాలి?

జరిగినంతే రాసి, ఎన్ని నెలలకో చెప్పండి. "అక్టోబరు నుంచి మార్చి వరకు 28 లక్షలు" అన్నది జరిగిన విషయం. దాన్ని రెట్టింపు చేసి ఏడాదికి 56 లక్షలు అనడం ఊహ. పైపుల వ్యాపారంలో అది తప్పుడు ఊహ కూడా. వానాకాలంలో బోర్లు వేయడం, పైప్‌లైన్లు తవ్వడం మందగిస్తాయి కాబట్టి అమ్మకాలు పడిపోతాయి. వేసవికి ముందు నెలల్లో గిరాకీ ఎక్కువ. బాగా నడిచే ఆరు నెలలను రెట్టింపు చేస్తే రాని ఆదా వచ్చినట్టు అవుతుంది. ఏడాది అంచనా చెప్పాలనిపిస్తే అది అంచనా అని స్పష్టంగా రాయండి.

నిల్వలు 6 కోట్ల నుంచి 4.5 కోట్లకు తగ్గించాను. 1.5 కోట్లు ఆదా అని రాయవచ్చా?

రాయకూడదు. ప్రొఫైళ్లలో నేను తరచుగా చూసే పొరపాటు ఇదే. తగ్గిన 1.5 కోట్లు ఖర్చు కాదు, సరుకు రూపంలో ఇరుక్కున్న డబ్బు ఒకసారి చేతికి వచ్చింది. కంపెనీకి అది ఎంతో మేలు, ముఖ్యంగా బ్యాంకు అప్పు మీద నడిచే కంపెనీకి. కానీ లాభనష్టాల పట్టికలో ఆ 1.5 కోట్లు ఎక్కడా కనిపించవు. కనిపించేది దానిమీద తప్పిన వడ్డీ. అప్పు వడ్డీ 10 శాతమైతే ఏడాదికి 15 లక్షలు. గోదాము అద్దె నిజంగా తగ్గి ఉంటే, పాతబడి పారేసే సరుకు తగ్గి ఉంటే వాటిని కూడా కలపవచ్చు. గోదాములో కొంత చోటు ఖాళీ అయి అద్దె మాత్రం అంతే కడుతూ ఉంటే దాన్ని కలపకూడదు.

రాయవలసిన తీరు ఇది: "తయారైన సరుకు నిల్వ 6 కోట్ల నుంచి 4.5 కోట్లకు తగ్గింది. 1.5 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ విడుదలై, ఏడాదికి సుమారు 15 లక్షల వడ్డీ తప్పింది. ఈ కాలంలో ఆర్డర్లను పూర్తిగా, సకాలంలో అందించిన శాతం 92 దగ్గరే నిలిచింది."

ఆ చివరి వాక్యాన్ని మరవకండి. నిల్వలు తగ్గించడం ఎవరికైనా చేతనవుతుంది, ఒక నెల ఉత్పత్తి ఆపితే చాలు. డీలర్‌కు సరుకు అందకుండా పోలేదని చూపినప్పుడే అది నైపుణ్యం. నెలాఖరు నిల్వను మాత్రమే చూపడం కూడా సరికాదు, ఎందుకంటే నెలాఖరున సరుకంతా డిపోలకు తోసేస్తే ఫ్యాక్టరీ నిల్వ తక్కువగా కనిపిస్తుంది. డిపోలతో కలిపి, పన్నెండు నెలల సగటు తీసి చూపండి.

నేను కొనుగోళ్లు చూస్తాను. బేరమాడి తగ్గించిన ధర ఆదాయే కదా?

మార్కెట్ కంటే మీరు ఎక్కువ తగ్గించినంత మేరకే. పైపుల ఫ్యాక్టరీకి ప్రధాన ముడిసరుకు పీవీసీ రెజిన్. దాని ధర దేశంలోనూ బయటా తయారీదారులు ప్రకటించే రేట్లను అనుసరించి పైకీ కిందికీ కదులుతుంది. మీరు కిలో 86 రూపాయలకు కొంటున్నది 78కి వచ్చిందనుకుందాం. అదే కాలంలో తయారీదారు ప్రకటిత ధర కిలోకు 7 రూపాయలు తగ్గి ఉంటే, మీ బేరం వల్ల వచ్చింది ఒక్క రూపాయి. వేల టన్నుల మీద ఆ ఒక్క రూపాయి కూడా పెద్ద మొత్తమే, కనుక చిన్నబుచ్చుకోనవసరం లేదు. నిజానికి ధరలు పెరుగుతున్న ఏడాదిలో ఈ పోలికే మిమ్మల్ని కాపాడుతుంది. మార్కెట్ 9 రూపాయలు పెరిగినప్పుడు మీరు 7 పెంపుతో సరిపెట్టి ఉంటే ఖర్చు పెరిగినా మీ పని మంచిదే.

సరఫరాదారు 8 శాతం పెంచమని అడిగితే 3 శాతానికి ఒప్పించడం వేరే సంగతి. అక్కడ 5 శాతం ఆదా కాలేదు, పెరగబోయే ఖర్చును కొంత తప్పించారు. అతను మొదట అడిగిన 8 శాతం నిజమైన అవసరమో, బేరానికి పెట్టిన అంకెనో ఎవరికీ తెలియదు. అలాంటివాటిని "తప్పించిన ఖర్చు" అని విడిగా రాయండి. అసలైన ఆదాతో కలిపి ఒకే మొత్తంగా చూపితే మంచి అంకె కూడా చెడిపోతుంది.

నా పనిలో రూపాయలు లేవు, సమయం తగ్గింది. దాన్ని ఎలా చూపాలి?

సమయాన్ని సమయంగానే చూపండి. లారీ ఫ్యాక్టరీ గేటులోకి వచ్చినప్పటి నుంచి లోడై బయటికి వెళ్లేవరకు పట్టే సమయం మంచి ఉదాహరణ. లోడింగ్ బే వారీగా సమయం కేటాయించడం, ఇన్వాయిస్, ఈ-వే బిల్లు లోడింగ్ పూర్తయ్యేలోగా సిద్ధం చేయించడం వంటి మార్పులతో అది 6 గంటల 20 నిమిషాల నుంచి 3 గంటల 50 నిమిషాలకు వచ్చిందనుకుందాం. ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు, దేనిలోంచి తీశారు అన్నవి చెబితే చాలు: గేట్ రిజిస్టర్‌లోని లోపలి, బయటి సమయాలు, మార్పుకు ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు. ఇలాంటి సమయాలకు సగటు కంటే మధ్యస్థ విలువ మేలు. రాత్రంతా నిలిచిపోయిన రెండు మూడు లారీలు సగటును ఇష్టమొచ్చినట్టు లాగేస్తాయి.

ఆ గంటలను జీతంతో గుణించి రూపాయల్లోకి మార్చాలన్న ఆశ చాలామందికి కలుగుతుంది. మనుషులు అంతేమంది ఉండి, ఓవర్‌టైమ్ బిల్లు కూడా అంతే ఉంటే కంపెనీకి ఒక్క రూపాయి మిగల్లేదు. ఓవర్‌టైమ్ తగ్గిందా, ట్రాన్స్‌పోర్టర్లు వేసే హాల్టింగ్ చార్జీలు తగ్గాయా, అద్దె ఫోర్క్‌లిఫ్ట్ ఒకటి తిప్పి పంపారా అని చూడండి. బిల్లులో కనిపించినదాన్ని రూపాయల్లో రాయండి. కనిపించకపోతే, అదే బేలతో రోజుకు 18 లారీలకు బదులు 27 లారీలు పంపగలిగామని రాయండి. అది కూడా యజమానికి విలువైన సమాచారమే, వ్యాపారం పెరుగుతున్న చోట బహుశా డబ్బు కంటే విలువైనది.

అది బృందం చేసిన పని. నా పేరు మీద రాసుకుంటే తప్పా?

మీ భాగం ఏమిటో చెబితే తప్పు లేదు. పైపుల ఉదాహరణలో ఆలోచన లోడింగ్ మేస్త్రీది కావచ్చు, సైజుల పట్టిక డిస్పాచ్ ఉద్యోగిది, హమాలీల రేటు మాట్లాడింది ఫ్యాక్టరీ మేనేజర్. అప్పుడు ఆ ఉద్యోగి "53 లక్షలు ఆదా చేశాను" అనకుండా, "లారీ పేర్పు మార్పులో సైజుల జత పట్టికను రూపొందించి, నాలుగు నెలల్లో అన్ని బేలలో అమలు చేయించాను. ఆ మార్పు వల్ల ఫ్యాక్టరీకి ఏడాదికి నికరంగా 53 లక్షలు మిగిలింది" అనవచ్చు. మొత్తం అంకె అలాగే ఉంది, మీ చేయి ఎక్కడ పడిందో కూడా తెలిసింది. మొత్తాన్ని ముగ్గురికి పంచి మీ వాటా ఇంత అని రాయడం మాత్రం వద్దు. ఆ పంపకానికి ఆధారం చూపలేరు.

మా మనుషులకు "నేను చేశాను" అని రాయడానికి మొహమాటం ఎక్కువ. "జరిగింది", "చేయబడింది" అని కర్త లేకుండా రాసేస్తారు. మేస్త్రీకి దక్కవలసిన పేరు మేస్త్రీకి ఇవ్వండి, కానీ మీరు తయారుచేసిన పట్టికను నేనే తయారుచేశానని చెప్పండి.

కంపెనీ అంకెలు బయటపెట్టడం నిబంధనలకు విరుద్ధం కాదా?

చాలా కంపెనీల నియామక ఒప్పందాల్లో గోప్యత షరతు ఉంటుంది, దాన్ని ముందు చదవండి. ఏ దారికి ఎంత కిరాయి, ఏ సరఫరాదారుకు ఎంత ధర, ఏ డీలర్‌కు ఎంత సరుకు అన్నవి బహిరంగ ప్రొఫైల్‌లో అసలు పెట్టకూడదు. పోటీ కంపెనీ వెతికేది అలాంటి వివరాలనే. వాటి అవసరం కూడా మీకు లేదు. "లారీకి సగటు లోడు 18 శాతం పెరిగింది, రవాణా ఖర్చులో నికరంగా సుమారు 13 శాతం తగ్గుదల" అంటే రూపాయలు లేకుండానే పని తెలుస్తుంది. మొత్తం పరిమాణం తెలియాలంటే "ఏడాదికి 4 కోట్ల లోపు కిరాయి వ్యయం చూసే బాధ్యత" వంటి విస్తృతమైన మాట చాలు, దానికీ కంపెనీ అభ్యంతరం లేకపోతేనే.

పాత ఉద్యోగం వదిలేసి మూడేళ్లయింది, రికార్డులు నా దగ్గర లేవు. ఏం చేయాలి?

పాత కంపెనీ ఫైళ్లను అక్కడి స్నేహితుల ద్వారా తెప్పించుకోకండి. మీ పనితీరు సమీక్షలు, ప్రశంసా పత్రాల వంటి మీ సొంత కాగితాల్లో అంకెలు ఉంటే వాడుకోండి. లేకపోతే మీకు కచ్చితంగా గుర్తున్న భౌతిక కొలతలకు పరిమితం కండి. రోజుకు ఎన్ని లారీలు, ఎన్ని బేలు, ఎన్ని డిపోలు, ఎన్ని రకాల సరుకు అన్నవి మనిషి మరచిపోడు. రూపాయల అంకె మసకగా గుర్తుంటే "సుమారు" అని రాయండి, దాన్ని 47.3 లక్షలని దశాంశంతో రాయకండి. గుర్తుకులేని అంకెకు ఆ దశాంశమే మొదటి సాక్ష్యం అవుతుంది.

ఇప్పటి ఉద్యోగంలో మాత్రం మార్పు మొదలుపెట్టే ముందే ఉన్న పరిస్థితిని రాసి పెట్టుకోండి. మార్పు అయ్యాక పాత స్థితిని తవ్వి తీయడం కష్టం.

ఇవన్నీ ప్రొఫైల్‌లో ఎక్కడ, ఎంత పొడవున రాయాలి?

లింక్డ్‌ఇన్‌లో పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కు 220 అక్షరాలు, About భాగానికి 2,600 అక్షరాలు పరిమితి. హెడ్‌లైన్‌లో ఆదా అంకె పెట్టడం నాకు నచ్చదు. సందర్భం చెప్పడానికి అక్కడ చోటు చాలదు. ఏ పని, ఏ రంగం, ఏ స్థాయి అన్నవి అక్కడ ఉంటే మేలు: "డిస్పాచ్, రవాణా ప్రణాళిక, పీవీసీ పైపులు, ఏడాదికి 15,000 టన్నులు." About భాగంలో మొదటి రెండు మూడు వరుసలే తెరవకుండా కనిపిస్తాయి, కనుక మీ అత్యంత గట్టి ఫలితం అక్కడే ఉండాలి. Experience కింద ఒక్కో ఉద్యోగానికి రెండు, మహా అయితే మూడు మార్పులు చాలు. బాధ్యతల జాబితా ఒక్క వాక్యంలో ముగించండి.

మన ఉద్యోగి రాసుకోదగిన వాక్యం ఇలా ఉంటుంది. ప్రొఫైల్‌లో దీన్ని ఇంగ్లిష్‌లోనే రాస్తారు, వరుస మాత్రం ఇదే: "పైపులో పైపు పేర్చే సైజుల పట్టికను రూపొందించి అమలు చేయడం ద్వారా లారీకి సగటు లోడును 7.2 నుంచి 8.5 టన్నులకు పెంచాను. ఏడాదిలో 325 ట్రిప్పులు తగ్గాయి. అదనపు హమాలీ, సరుకు నష్టం తీసివేశాక నికర ఆదా 53 లక్షల రూపాయలు, ఫైనాన్స్ విభాగం నిర్ధారించింది." కంపెనీ అనుమతి లేకపోతే రూపాయల చోట శాతం వస్తుంది. ఫైనాన్స్ నిర్ధారించకపోతే ఆ ముక్క తీసేయండి. లేని సంతకాన్ని ఉన్నట్టు రాయడం ఒక్క ఫోన్ కాల్‌తో బయటపడుతుంది.

ఇంటర్వ్యూలో ఈ అంకె మీద ఏమడుగుతారు?

నేనైతే మొదట "దీనివల్ల ఏది పాడైంది?" అని అడుగుతాను. ప్రతి మార్పుకూ ఒక ధర ఉంటుంది. పైపుల పేర్పు విషయంలో అది లెక్కింపు గొడవ. లోపలి పైపులు బయటికి కనిపించవు కాబట్టి డీలర్ దగ్గర దించేటప్పుడు కొన్ని పైపులు పెద్ద గొట్టాల్లోనే ఉండిపోతాయి, సరుకు తక్కువ వచ్చిందని ఫిర్యాదు వస్తుంది. దించే సమయం కూడా పెరుగుతుంది. ఈ పని నిజంగా చేసినవారికి ఆ ఫిర్యాదులు గుర్తుంటాయి, ఏం చేశారో చెబుతారు: లోపల పైపు ఉన్న గొట్టాల చివర రంగు టేపు చుట్టడం, డెలివరీ చలానాలో ఏ సైజులో ఏ సైజు ఎన్ని ఉన్నాయో ప్రత్యేకంగా ముద్రించడం, పైపులు బయటికి లాగే చోటు లేని చిన్న డీలర్లను ఈ పద్ధతి నుంచి మినహాయించడం. పక్కవాడి పనిని తన పేరుతో రాసుకున్నవారు ఇక్కడ ఆగిపోతారు.

రెండో ప్రశ్న, మీరు వచ్చేశాక కూడా అది నడుస్తోందా అన్నది. సగటు లోడు మళ్లీ 7.5కు జారిందంటే ఎందుకో చెప్పగలగాలి. హమాలీ ముఠా మారి ఉండవచ్చు, పట్టిక బోర్డు మీద నుంచి మాయమై ఉండవచ్చు, చిన్న సైజుల ఆర్డర్లు తగ్గి జత కుదరకపోయి ఉండవచ్చు. లారీ నిండేదాకా ఆర్డర్లను ఆపి ఉంచారా, డీలర్‌కు సరుకు ఒకరోజు ఆలస్యమైందా అని కూడా అడుగుతారు. అందుకు సకాలంలో అందించిన శాతం మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

గల్ఫ్, అమెరికా ఉద్యోగాలకు పంపేటప్పుడు లక్షలు, కోట్లు అలాగే ఉంచవచ్చా?

వద్దు. అక్కడివారికి లక్ష, కోటి అర్థం కావు. 53 లక్షలను 5.3 మిలియన్ రూపాయలని రాయండి. డాలర్లలోకి మార్చితే అక్కడి జీతాలు, ఖర్చులతో పోల్చుకుని చిన్న పని అనుకునే అవకాశం ఉంది. అందుకే శాతాన్నీ, ట్రిప్పుల సంఖ్యనూ ముందు పెట్టి, డబ్బును తర్వాత రాయండి. 2,125 ట్రిప్పుల పని 1,800 ట్రిప్పుల్లో పూర్తయిందన్నది దుబాయ్‌లోనైనా డల్లాస్‌లోనైనా డిస్పాచ్ చూసేవారికి ఒకేలా అర్థమవుతుంది.